పై వరస రాయని పట్టిక

మా హైస్కూల్లో సైన్సు గది వెనక గోడ మీద నేను రాయించిన పట్టిక ఒకటి ఇప్పటికీ ఉండాది. పైన నీలం రంగుతో కార్బన్ రూపాంతరాలు అని, కింద మూడు నిలువు గడులు. మొదట వజ్రం, నడుమ గ్రాఫైట్, చివర ఫుల్లరీన్. సున్నం పెచ్చులూడి ఫుల్లరీన్ గడిలో సగం పోయింది గానీ మిగతాది చదవడానికొస్తాది. మొన్న హెడ్మాస్టరు ఆ గోడకు రంగు కొట్టిస్తానన్నాడు. కొట్టించు సామీ, ముందు ఆ పనే చెయ్యి అన్నాను. ఎందుకంత ఆత్రమని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈడ చెప్తాండాను.

మాది గోరంట్ల దిక్కు ఊరు. పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పడం నా పని. దానికి తోడు ఆదివారాలు మా బడిలోనే ఓపెన్ స్కూలు క్లాసులు నడిచేవి. నడుమలో చదువు మానేసిన పెద్దవాళ్ళు పదో తరగతి పరీక్ష రాసుకోవడానికి వచ్చేవాళ్ళు. రిజిస్టర్లో ఇరవై మంది ఉంటే బెంచీల మీద నలుగురు ఉండేవాళ్ళు. మిగతా వాళ్ళు బెంగళూరులో కూలికి పోయి పరీక్ష రోజుకు దిగేవాళ్ళు. ఆ నలుగురిలో ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వచ్చినామె మా ఊరి అంగన్‌వాడీ ఆయా.

ఆమెకు నలభై దాటినాయి. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాన రాక శెనక్కాయ చేను ఎండిపోతే వాళ్ళ నాయన ఇంటిల్లిపాదినీ బెంగళూరు తోలుకపోయినాడంట, చదువు ఆడికి ఆగిపోయింది. తిరిగొచ్చి పెండ్లయినాక అంగన్‌వాడీలో చేరింది. పిల్లోళ్ళ ముక్కులు తుడిచేది, గుడ్లు ఉడకేసేది, చీపురు పట్టేది అంతా ఆమే. ఆ ఏడు పైనుండే టీచరమ్మ రిటైరయిపోయింది. పది పాసయిన ఆయా ఉంటే ఆ పోస్టుకు ముందు ఆమెనే చూస్తారు. ఈమెకు పది లేదు. పైగా వయసు లెక్క చూస్తే అదే ఆఖరి ఏడు. ఆ ఒక్క పరీక్షలో గట్టెక్కితే టీచరు, లేకుంటే ఉన్నన్నాళ్ళూ చీపురే. ఇది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఫారం నింపే పొద్దు నా దగ్గరికి వచ్చింది. "సార్, సైన్సు కష్టమంట కదా, హోమ్ సైన్సు తీసుకోమంటాండారు అందురూ. ఏం చేద్దును?"

"ఎందుకమ్మా, వంట కొత్తగా నేర్చుకుంటావా? సైన్సు తీసుకో. నేనుండా కదా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పుడు చెప్పమంటే చెప్తాను. గీర. నా చేతుల్లో పడితే బండరాయి కూడా పాసయితాదని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసే రకం నేను. ఆమె ఇంకో మాట మాట్లాడకుండా సైన్సు అని టిక్కు కొట్టింది.

చెప్పేటప్పుడు నాకు కోపమెక్కువ. సుద్దముక్క విసిరేస్తాను. పెద్దవాళ్ళ మీద విసరలేను కాబట్టి బోర్డు మీద విసిరేవాడిని. ఆమె మాత్రం భయపడేది కాదు. "విసిరిన ముక్క నేనే ఏరుకోవల్ల సార్, నా పనే అది" అనేది. మిగతా ముగ్గురూ నవ్వేవాళ్ళు.

కార్బన్ పాఠం మొదలుపెట్టిన పొద్దు, బొగ్గులో ఉండేదీ వజ్రంలో ఉండేదీ ఒకటే పదార్థం అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"ఊరుకోండి సార్. మా ఇంటాయన ప్రతి ఏడూ తొలకరికి వజ్రకరూరు దిక్కు పోయి చేన్లల్లో వంగి వంగి ఎతికి, నడుము పట్టేసుకుని ఉత్త చేతుల్తో వస్తాడు. ఇంట్లో పొయ్యి కాడ బస్తా బొగ్గులుండాయి. ఒకటే అయితే ఆయప్పకు ఈ పొద్దే చెప్తాను."

"పదార్థం ఒకటేనమ్మా, కట్టడం వేరే" అని బొమ్మ గీసినాను. వజ్రంలో ఒక్కో కార్బన్ పరమాణువు నాలుగు దిక్కులా నాలుగు కార్బన్లను పట్టుకోని ఉంటాది. ఎటు చూసినా గట్టి బంధమే, జారే చోటే లేదు. అందుకే అంత గట్టిది. బయట ఉండే నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాల్లోనే చిక్కుకుపోతాయి, తిరిగేదానికి ఒక్కటీ మిగలదు, కాబట్టి కరెంటు పోదు. గ్రాఫైట్‌లో ఒక్కోటి ముగ్గురినే పట్టుకుంటాది. ఆరు మూలల గడులు గడులుగా పొర ఏర్పడతాది, పొర మీద పొర. పొరకూ పొరకూ నడుమ పట్టు తక్కువ, జారిపోతాయి. నాలుగో ఎలక్ట్రాన్ ఖాళీగా పొరంతా తిరుగుతాది, కాబట్టి కరెంటు పోతాది.

"వజ్రం యాడ వాడతారు?" అని అడిగినాను.

"ముక్కుపుడకలో."

"ఇంకా?"

తెలీదంది. బెంగళూరులో కట్టడం పనికి పోయినావు కదా, మార్బుల్ బండలు కోసే గుండ్రటి బ్లేడు చూసినావా, దాని అంచున వజ్రం పొడి అతికించి ఉంటాది అన్నాను. ఆమె నోరు తెరిచింది. "అయితే వజ్రం పక్కనే మూడేండ్లు నీళ్ళు పోస్తా నిలబడినానా! దుమ్ము తిని దగ్గినానే గానీ ఎవుడన్నా చెప్పినాడా?" అని ఎంత కోపం వచ్చిందో ఆమెకు. ఆ కోపం చూసి నాకు చానా సంతోషమయింది. ఆ ఏడంతా ఎవురికీ చదువు మీద అంత కోపం రాలేదు.

మరుసటి ఆదివారం ఆమె ఒక నల్లటి గుండ్రటి బిళ్ళ తెచ్చింది. ఆమె మొగుడు బోరు మోటార్లు పైకి లాగి రిపేరు చేసే మెకానిక్కు. బోర్లు ఎండిపోయే కొద్దీ మోటార్లు పైకి తీసేదే గానీ కిందికి దించేది లేదు, పాత మోటార్లు ఇంటి ముందర పడున్నాయి. మోటారు అడుగున తిరిగే బరువంతా ఆ బిళ్ళ మీదే కూర్చుంటాది. వాళ్ళు దాన్ని కార్బన్ అంటారు. "దీన్ని కార్బన్ అని ఎందుకంటారని అడిగితే మా ఇంటాయనకు తెల్ల్యా. ఇది మీరు చెప్పిందేనా?" అని నా చేతిలో పెట్టింది.

అది గ్రాఫైట్ కలిపి చేసిన బిళ్ళ. వేలితో రుద్దితే నల్లగా, జారుగా అంటింది. ఒక సెల్లూ, టార్చి బల్బూ, రెండు తీగలూ తెచ్చి నడుమ ఆ బిళ్ళ పెట్టినాను. బల్బు వెలిగింది. నలుగురూ బెంచీల మీంచి లేచి వచ్చినారు. నీళ్ళు లేని బోర్లోంచి తీసిన బిళ్ళతో బల్బు వెలిగితే చూడ్డానికి అంతమంది లేచి రావడం, ఏమప్పా, నా సర్వీసులో అంత మంచి క్లాసు ఇంకోటి లేదు.

ఇంక ఫుల్లరీన్. అరవై కార్బన్లు కలిసి ఫుట్‌బాల్ మాదిరి బోలుగా ముడుచుకుంటాయి. అందులో ఆరు మూలల గడులు ఇరవై, ఐదు మూలల గడులు పన్నెండు. ప్రతి కార్బనూ ముగ్గురిని పట్టుకోని ఉంటాది. ఆమె అంగన్‌వాడీలో పిల్లోళ్ళ నల్ల తెల్ల ఫుట్‌బాల్ ఎత్తుకోని, మూల మూలకూ సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కేసింది. సోమవారం పొద్దున బడి గేటు కాడే నన్ను నిలబెట్టి, "అరవై సార్! మూడు సార్లు ఎంచినా. నల్లవి పన్నెండు. పుస్తకం అబద్ధం చెప్పలా!" అంది. ముప్పై ఏండ్లుగా చెప్తాండాను నేను, ఒక్కసారి కూడా ఎంచి చూసిన పాపాన పోలేదు.

"ఇది దేనికి పనికొస్తాది సార్?" అని అడిగింది. మందును రోగమున్న చోటికి మోసుకుపోయేదానికి వాడొచ్చునా అని పరిశోధనలు చేస్తాండారు, కొన్ని రకాల సోలారు పలకల్లో వాడతారు అని చెప్పినాను. "అయితే మన దాకా ఇంకా రాలా" అని రాసుకుంది.

నానబెట్టిన శెనగలూ చీపురు పుల్లల ముక్కలూ గుచ్చి వజ్రం కట్టింది. గ్రాఫైట్ పొరలు రెండు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి వేలితో తోసి జరిపింది. పిల్లోళ్ళు ఆ వజ్రాన్ని తినేసినారంట. ఇంత బాగా అర్థమయినామెను ఫెయిలు చేసే పని నేను తప్ప ఇంకొకడు చెయ్యలేడు.

ఎట్లంటే ఇట్ల.

ఆమెకు రాయడం నిదానం. చేతికి చీపురు అలవాటు, పెన్ను కాదు. పోలికల పట్టిక మాకు ఎనిమిది మార్కుల ప్రశ్న, ఏడాది తప్పి ఏడాది వస్తాది. స్కేలు పెట్టి గీతలు గీసి, పైన పేర్లు రాసి, పక్కన నిర్మాణం, బంధాలు, గట్టిదనం, విద్యుత్తు, ఉపయోగాలు అని రాసి నింపేసరికి ఆమెకు అరగంట పట్టేది. నేను చేతి గడియారం చూసి పండ్లు కొరికేవాడిని. అప్పుడు నాకొక తెలివి పుట్టింది.

"నేర్చుకునేటప్పుడు పై వరస రాయద్దు. పేర్లు నీకు తెలుసు, నాకు తెలుసు. గీతలు కొట్టు, ఖాళీ గడులు నింపు. మొదటి గడి నాలుగు, రెండోది మూడు, మూడోది మూడు. మొదటిది గట్టిది, రెండోది మెత్తది. మొదటిది కరెంటు పోదు, రెండోది పోతాది. నోటికి రావల్ల, చేతికి రావల్ల. నిద్దర్లో లేపినా చెయ్యి తప్పు పోకూడదు" అని చెప్పినాను.

అది నేను కనిపెట్టింది కాదు. మా పిల్లలందరికీ అట్లే చెప్తాను, వాళ్ళు అట్లే పాసయినారు. గోడ మీద పట్టిక ఉండాది కదా, అదే వరస.

ఆమె పాత హాజరు రిజిస్టర్ల వెనక పుటల్లో ఆ పట్టిక నింపింది. పిల్లోళ్ళు పడుకున్నాక ఒకటి, అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడు ఒకటి. అన్నీ పై వరస లేని పట్టికలే. ప్రతి ఆదివారం నేను గడియారం పట్టుకునేవాడిని. అరగంట ఇరవై నిమిషాలయింది, ఇరవై పదయింది. ఆఖరికి ఏడు నిమిషాలకు దించేసింది. భేష్ అన్నాను. ఆమె సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పరీక్ష అయిన సాయంత్రం బస్సు దిగి సక్కా మా ఇంటికే వచ్చింది. మొహం వెలిగిపోతాంది. ప్రశ్నపత్రం నా చేతికిచ్చి, నేను చదివే లోపలే మొదలుపెట్టింది.

"పట్టిక వచ్చింది సార్! ఏడు నిమిషాలు కూడా పట్టలా. నాలుగు, మూడు, మూడు. గట్టిది, మెత్తది, బోలుగా ఉండే బంతి. కరెంటు పోదు, పోతాది, కొంచెం. బండలు కోసే బ్లేడు, పెన్సిలూ మోటారు బిళ్ళా, మందు పరిశోధన. అన్నీ రాసినా."

ఆమె చెప్తాంటే నా కండ్లు పేపరు మీద ఉండాయి. కింది పట్టికను నింపుము అని ఉండాది. గీతలు గీసి, పై వరసలో పేర్లు అచ్చేసి ఉండాయి. మొదట గ్రాఫైట్. నడుమ వజ్రం. చివర ఫుల్లరీన్.

ఆ వరస ఇంకోసారి మొదట్నుంచీ చదివినాను.

"పైన పేర్లు యా వరసలో రాసినావమ్మా?" అని అడిగినాను, మెల్లగా.

"పేపర్లో ఉన్నట్టే ఎత్తి రాసినా సార్. పేపర్లో ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాయాలని మీరే చెప్పింటిరి కదా. కింద గడులు మాత్రం చూడను కూడా చూల్లా, చెయ్యే పోయింది."

చెయ్యే పోయింది. నేను కోరింది అదే కదా. గ్రాఫైట్ కింద నాలుగు బంధాలు, కరెంటు పోదు, బండలు కోసే బ్లేడు. వజ్రం కింద మెత్తది, పెన్సిలు. తన చేత్తో శెనగలు గుచ్చి కట్టినామె, బిళ్ళతో బల్బు వెలిగితే చూసినామె, వజ్రం మెత్తగుంటాదని రాసి వచ్చింది. ఫుల్లరీన్ గడి ఒక్కటే దాని చోట్లో అది ఉంటాది.

"ఎట్లుండాది సార్? పాసయితానా?"

చెప్పుండాల్సింది. అమ్మా, తప్పు జరిగింది, తప్పు నాది అని ఆ గడప మీదే చెప్పుండాల్సింది. నా నోరు రాలేదు. ఆమె మొహం చూసి రాలేదని చెప్పుకోవచ్చు గానీ, అది నిజం కాదు. నా పేరు చూసుకుని రాలేదు.

"బాగుండాది పో. పాసయితావు" అన్నాను.

మా ఇంటామె కాఫీ ఇచ్చింది. ఆయా తాగి, గ్లాసు తానే కడిగి పెట్టి పోయింది.

ఫలితాలు వచ్చే దాకా రెండు నెలలు నేనేమి తిన్నానో నాకే తెలీదు. దిద్దేవాడు నిద్రమత్తులో టిక్కులు కొట్టేసి ఉంటాడులే అనుకునేవాడిని. ఎండాకాలంలో వాళ్ళకూ చెమటలు కారతాంటాయి, కట్టలు కట్టలు దిద్దల్ల, ఎవుడు చూస్తాడు అనుకునేవాడిని. ఒక మాస్టరు ఇంకో మాస్టరు పనిదొంగ కావాలని దేవునికి దండం పెట్టుకున్న రోజులవి.

వాడు పనిదొంగ కాదు. ఆమె అన్నిట్లో పాసయింది. సైన్సులో మూడు మార్కులు తక్కువ.

ఆమె ఏడవలేదు. "ఎక్కడో కూడడం తప్పయింటాది సార్. నేను బాగా రాసినా, మీరూ చూసినారు కదా" అని రీకౌంటింగ్ ఫారం తెచ్చింది. నేను నింపినాను. ఉపయోగం లేదని తెలిసి తెలిసీ, అక్షరాలు ముత్యాల మాదిరి రాసి నింపినాను. సంతకం యాడ పెట్టల్లో వేలు పెట్టి చూపించినాను. దానికి జవాబు పత్రం జిరాక్సు కూడా వస్తాదని ఫారం అడుగున ఉండాది. అది కూడా చదివినాను. అయినా నోరు మెదపలేదు.

అక్టోబరులో మళ్ళీ రాయొచ్చు. రాయొచ్చు గానీ పోస్టు ఆగుతాదా, వయసు ఆగుతాదా? జిరాక్సు వచ్చే లోపలే చిలమత్తూరు దిక్కునుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన పిల్లకు ఆర్డరు ఇచ్చేసినారు. ఇరవై రెండేండ్ల పిల్ల, డిగ్రీ చదివింది, మర్యాదస్తురాలే. ఆ పిల్లను అనేదానికేమీ లేదు.

ఆయా రెండు వారాలుగా ఆదివారం క్లాసుకు రాలేదు. ఒక పొద్దు పన్నెండు గంటలప్పుడు నేనే అంగన్‌వాడీకి పోయినాను. కొత్త టీచరమ్మ మీటింగుకు గోరంట్ల పోయిందంట. పిల్లోళ్ళు చాపల మీద పడుకోని ఉండారు. ఆమె గోడకానుకోని కూర్చుని, ఒళ్ళో పిల్లోళ్ళ బరువుల రిజిస్టరు పెట్టుకోని రబ్బరుతో ఏదో చెరిపేస్తాంది. పక్కన జవాబు పత్రం జిరాక్సు మడత పెట్టి ఉండాది. దాని మీద ఎగరకుండా ఆ నల్ల బిళ్ళ పెట్టింది.

"కూర్చోండి సార్" అని చాప తోసింది. చెరపడం ఆపలేదు.

"ఏం చేస్తాండావమ్మా?"

"పెన్సిలు రాతలు తీసేస్తాండా. పాసయితానని మీరు చెప్పిన మర్నాటి నుంచీ రాస్తాండా సార్. టీచరు లేదు కదా, ఇన్‌చార్జి వారానికొకసారి వచ్చేది. దినామూ పిల్లోళ్ళ బరువులు నేనే చూసి పెన్సిలుతో రాసి పెట్టినా. ఆర్డరు రాంగానే పెన్నుతో దిద్దుకుందామని. ఇప్పుడు కొత్త టీచరమ్మ శుభ్రంగా తీసేయమంది, ఆమె రాతతో ఉండల్లంట."

చూసినాను. గుండ్రటి అక్షరాలు. ఒక్కో పిల్లోని పేరు, తేదీ, బరువు. పుట మీద పుట, రెండున్నర నెలలవి. ఆదివారాలు మాత్రం ఖాళీగా ఉండాయి. రబ్బరు తగిలిన చోటల్లా నల్లటి పొడి ఉండలు ఉండలుగా లేచి ఆమె చీర కుచ్చిళ్ళ మీద పడతాంది.

"సులభంగానే పోతాంది సార్. పొరలు కదా" అంది.

"అమ్మా, ఆ పట్టిక..." అని మొదలుపెట్టినాను.

"చూసినా" అని జిరాక్సు దిక్కు గడ్డం చూపించింది. "వజ్రం కింద మెత్తది అని రాసినా. మా ఇంటాయన చూసి నవ్వినాడు. పై వరస చూల్లేదు, తప్పు నాదే. ఎవురు చెప్పినా కండ్లు నావే కదా."

ఒక పిల్లోడు నిద్రలో దగ్గితే చెయ్యి చాపి వాని వీపు నిమిరి, మళ్ళీ రబ్బరు తీసుకుంది. ఇంకో పుట తిప్పింది. అదీ నిండుగా ఉండాది.

"ఒకటి అడుగుతా సార్. ఆ పొద్దు పేపరు పట్టుకోని, పైన పేర్లు యా వరసలో రాసినావని అడిగితిరి. అప్పుడే తెలిసిపోయింది కదా మీకు?"

"తెలిసింది" అన్నాను.

ఆమె తల ఊపింది. పొడి దులుపుకోని, రబ్బరు చిన్నదయిపోయింటే వేలి కొసలతో పట్టుకోని, కొత్త పుట పై గడిలోంచి మొదలుపెట్టింది.

"ఆ పొద్దే చెప్పింటే, ఇన్ని పుటలు రాసిండను కదా సార్" అంది.